రెండు టైమ్ ట్రయల్స్‌తో మీ క్రిటికల్ స్పీడ్ లెక్కేసుకోవడం ఎలా, ఆ నంబర్‌తో 10కే కి ఏ పేస్ పెట్టుకోవాలి

ఒక కొలిచిన గ్రౌండ్, ఒక స్టాప్‌వాచ్, వారంలో రెండు తెల్లవారుజాములు ఉంటే చాలు, ల్యాబ్‌కి పోయి మూతికి మాస్కు కట్టించుకుని ట్రెడ్‌మిల్ ఎక్కే పని లేకుండా మీ క్రిటికల్ స్పీడ్ ఎంతో మీరే తేల్చుకోవచ్చు. నేను ఇది రెండుసార్లు చేసా. మొదటిసారి తప్పుగా చేసి, వచ్చిన నంబర్ నమ్మేసి, ఒక 10కే లో ఆరో కిలోమీటర్ దాటాక రోడ్డు పక్కన కూర్చునేంత పనైంది. రెండోసారి సరిగ్గా చేస్తే, అప్పుడు ఆరు దాటాకే ఎందుకు చచ్చానో కూడా అదే లెక్క చెప్పేసింది, అందుకే చేసే పద్ధతి, బోల్తా పడే చోట్లు రెండూ కలిపి రాస్తున్నా.

ముందు ఆ మాటకి అర్థం. మీరు ఎంత స్పీడ్‌తో పోతే ఎంతసేపు నిలబడగలరు అన్నదానికి ఒక గీత ఉంటుంది. ఆ గీతకి కింద పరిగెత్తితే కష్టంగానే ఉన్నా ఒళ్లు ఒక చోట కుదురుకుంటుంది, ఆక్సిజన్ వాడకం ఒక లెవెల్‌కి వచ్చి ఆగుతుంది, రక్తంలో లాక్టేట్ కూడా అంతే. గీతకి కాస్త పైన పోయినా సరే ఏదీ కుదురుకోదు, ఆక్సిజన్ వాడకం మెల్లమెల్లగా ఎక్కుతూ మీ మ్యాక్సిమమ్ దాకా పోతుంది, కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే తక్షణ ఇంధనం దిగిపోతూ ఉంటుంది, ఇక ఆగిపోవడమో స్పీడ్ తగ్గించడమో తప్పదు. ఆ గీతే క్రిటికల్ స్పీడ్, సీఎస్ అందాం. 1965లో మోనో, షెరెర్ అనే ఇద్దరు ఫ్రెంచ్ వాళ్లు కండరాలు చేసే పని మీద ఈ లెక్క కట్టారు, తర్వాత అది సైకిల్‌కి, ఆ తర్వాత పరుగుకీ వచ్చింది.

ఇంకో నంబర్ కూడా వస్తుంది, డీ-ప్రైమ్ అంటారు. గీత పైన పరిగెత్తడానికి మీ జేబులో ఉన్న చిల్లర అనుకోండి, కాకపోతే ఈ చిల్లర రూపాయల్లో కాదు మీటర్లలో ఉంటుంది. సీఎస్ తో పోయినప్పటి కన్నా ఎన్ని మీటర్లు ముందుకి పోగలరో అదే. గీత పైన ఎంత ఎక్కువ స్పీడ్‌తో పోతే అంత త్వరగా ఖర్చైపోతుంది, సున్నా అయ్యాక అప్పు ఇచ్చేవాడు ఎవడూ ఉండడు. ఈ రెండో నంబర్‌ని చాలామంది పట్టించుకోరు గానీ మీ టెస్ట్ సరిగ్గా జరిగిందా లేదా అని చెప్పేది ఇదే.

ఏ దూరాలు పెట్టుకోవాలి

ట్రయల్ అంటే ఒక దూరాన్ని మీకు వీలైనంత తక్కువ టైమ్‌లో పరిగెత్తడం. రెండు ట్రయల్సూ సుమారు 2 నిమిషాలకి పైన, 15 నిమిషాలకి లోపల పూర్తయ్యేలా ఉండాలి, రెండింటి మధ్య టైమ్ బాగా తేడా ఉండాలి. మామూలుగా 3 నిమిషాల దగ్గర ఒకటి, 12 నిమిషాల దగ్గర ఒకటి అంటారు. మనలాంటి వాళ్లకి 400 మీటర్ల ట్రాక్ మీద 1200, 3600 అచ్చంగా సరిపోతాయి, అంటే మూడు రౌండ్లు, తొమ్మిది రౌండ్లు. మీకు 1200 కి ఆరు నిమిషాలు పడుతుందనుకుంటే 800, 2400 పెట్టుకోండి, లేకపోతే పెద్దది ఇరవై నిమిషాలు అవుతుంది.

400 మీటర్లు, 5కే పెడితే పోలా అని అడుగుతారు. 400 నిమిషంన్నర లోపల అయిపోతుంది, అంత చిన్నదాంట్లో ఆక్సిజన్ సిస్టమ్ పూర్తిగా అందుకోకముందే పరుగు అయిపోతుంది కాబట్టి ఈ లెక్క దానికి వర్తించదు. అటు వైపు మరీ పొడుగ్గా పోతే ఒళ్లు వేడెక్కడం, గ్లైకోజన్ తగ్గడం, కాళ్లు అరిగిపోవడం లాంటివి వచ్చి కలుస్తాయి, అవేవీ ఈ లెక్కలో లేవు.

ఎక్కడ, ఎప్పుడు

మా గ్రూప్‌లో ఒక తమ్ముడు, "అన్నా, ప్రకాశం బ్యారేజీ పొడవు 1223 మీటర్లంట, ఈ చివర నుంచి ఆ చివరకి ఒక లాగు లాగితే 1200 ట్రయల్ అయిపోయినట్టేగా" అన్నాడు. ఐడియా బాగానే ఉంది, నాకూ ఒక క్షణం నోరూరింది. కానీ అక్కడ తెల్లారకముందే స్కూటర్లు, పాల బండ్లు, వాకింగ్ వాళ్లు, పైగా నది మీద గాలి ఒక రోజు ఎదురు, ఒక రోజు వెనక. రెండు ట్రయల్సూ ఒకే రకం పరిస్థితిలో జరగాలన్నదే ఈ టెస్ట్‌కి పునాది, బ్యారేజీ మీద అది కుదరదు. బందరు కాలవ గట్టు మీద కూడా అంతే, వంపులూ, కుక్కలూ.

కాబట్టి గ్రౌండే. ట్రాక్ గీతలు ఉంటే ఒకటో లేన్‌లో లోపలి అంచుకి దగ్గరగా పోవాలి. మట్టి గ్రౌండ్ అయితే రౌండ్ ఎంతో అందరూ ఒక మాట చెప్తారు, "నాలుగొందలే బాబూ" అని, నమ్మకండి. మా గ్రౌండ్‌ని 30 మీటర్ల టేపుతో కొలిస్తే 387 వచ్చింది, గోల్‌పోస్ట్ వెనక అందరూ కోసేసే మూల వల్ల. అప్పుడు నేను ఆ మూల దగ్గర రెండు ఇటుకలు పెట్టి, వాటి బయట నుంచి తిరిగేలా చేసుకుని, 400 కి సరిచేసా. రౌండ్‌లో మూడు శాతం తప్పుంటే సీఎస్ కూడా అదే మూడు శాతం తప్పు, అంటే నా పేస్‌లో కిలోమీటర్‌కి ఏడెనిమిది సెకన్లు. వాచీ జీపీఎస్ ని మాత్రం ఈ పనికి వాడొద్దు, వంపుల్లో అది ఒకసారి ఎక్కువ ఒకసారి తక్కువ చూపిస్తుంది, మనం రెండు దూరాల తేడా తీస్తున్నాం కాబట్టి ఆ గందరగోళం మొత్తం తేడాలోకి వచ్చి కూర్చుంటుంది. వాచీలో టైమ్ చూడండి, దూరం రౌండ్లు లెక్కపెట్టి తేల్చండి.

రెండూ ఒకే పొద్దున చేసేవాళ్లు ఉన్నారు, పెద్దది ముందు చేసి అరగంట ఆగి చిన్నది చేస్తారు, చల్లటి ఊళ్లలో అది బాగానే నడుస్తుంది. మన బెజవాడలో ఆ అరగంటలో ఎండ వచ్చి నెత్తి మీద కూర్చుంటుంది, ఉక్క సంగతి చెప్పనక్కర్లేదు, మొదటిది ఒక వాతావరణంలో, రెండోది ఇంకో వాతావరణంలో చేసినట్టు అవుతుంది. నా మాట వినండి, రెండు వేరే రోజులు పెట్టుకోండి, మధ్యలో ఒకటి రెండు రోజులు ఈజీ జాగింగ్, రెండు రోజులూ అయిదున్నరకే, అవే షూస్, ముందు రోజు రాత్రి ఒకే రకం తిండి. డిసెంబర్, జనవరి అయితే మేలు.

పరిగెత్తడం

వార్మప్ రెండు రోజులూ ఒకటే చేయండి. 12 నుంచి 15 నిమిషాలు జాగింగ్, కాళ్లు విదిలించుకునే డ్రిల్స్, 80 మీటర్ల స్ట్రైడ్స్ నాలుగు, తర్వాత అయిదు నిమిషాలు ఊరికే నడవడం. వార్మప్ లేకుండా 1200 పరిగెత్తితే మొదటి నిమిషంలోనే అనవసరంగా జేబు ఖాళీ అవుతుంది.

అసలు కిటుకు పేసింగ్‌లో ఉంది. నా మొదటి టెస్ట్ చెప్తా. 1200 రోజు నేను చాలా హుషారుగా ఉన్నా, మొదటి రౌండ్ 82 సెకన్లలో కొట్టా, రెండోది 95, మూడోది 101, మొత్తం 278, అంటే 4:38. చివరి వంపులో కాళ్లు సిమెంటు బస్తాల్లా ఉన్నాయి. మా గ్రౌండ్‌లో రిటైరైన పీఈటీ మాస్టారు ఒకాయన రోజూ వచ్చి కూర్చుంటారు, ఆయన స్టాప్‌వాచ్ నొక్కి నా మొహం చూసి, "ఏవోయ్, నువ్వు పరిగెత్తింది 1200 ఆ, లేక 400 పరిగెత్తి మిగతా 800 ఇంటికి నడిచావా" అన్నారు. నేను నవ్వేసి, ఊపిరి ఆడనంత పరిగెత్తాను కదండీ, అంటే ఫుల్‌గా ఇచ్చినట్టేగా అనుకున్నా. ఫుల్‌గా ఇవ్వడం వేరు, నాకు వీలైనంత తక్కువ టైమ్‌లో పూర్తి చేయడం వేరు అని తర్వాత తెలిసింది.

రెండోసారి ఆయనే రౌండ్ రౌండ్‌కీ టైమ్ అరుస్తుంటే 88, 91, 91 పరిగెత్తా, 270 సెకన్లు, 4:30. అదే మనిషి, పది రోజుల తేడా, ఫిట్‌నెస్ ఏం మారలేదు, ఎనిమిది సెకన్లు బాగుపడ్డది కేవలం మొదటి రౌండ్ ఆరు సెకన్లు ఓపిక పట్టినందుకు.

3600 కూడా అంతే, మొదటి రౌండ్ ఎగబడొద్దు. నాది 97, 99, తర్వాత వరసగా అయిదు రౌండ్లు 100, తర్వాత 99, ఆఖరిది 95. మొత్తం 890 సెకన్లు, 14:50. ఆఖరి రౌండ్ 95 వచ్చిందంటే ఇంకో రెండు మూడు సెకన్లు దాచుకున్నట్టే, కానీ అంత వరకు పర్లేదు. ఆఖరి రౌండ్ మీకు 85 వస్తే మాత్రం ముందు రౌండ్లలో బద్దకించారని అర్థం, ఇంకోసారి చేయాలి. రౌండ్లు లెక్కపెట్టడానికి ఎవరినైనా పెట్టుకోండి, అలసిపోయినప్పుడు ఆరో రౌండ్‌కీ ఏడో రౌండ్‌కీ తేడా తెలియదు, నేను ఒకసారి పది రౌండ్లు పరిగెత్తా.

లెక్క

ఫార్ములా కన్నా ముందు మామూలు బుర్రతో చూడండి. 1200 కి 270 సెకన్లు, 3600 కి 890. అంటే 2400 మీటర్లు ఎక్కువ పోవడానికి 620 సెకన్లు ఎక్కువ పట్టింది. రెండింట్లోనూ జేబులో చిల్లర మొత్తం ఖర్చు పెట్టేశాం, చిల్లర రెండింట్లోనూ ఒకటే, కాబట్టి తీసివేతలో అది పోతుంది, మిగిలిన ఆ అదనపు 2400 మీటర్లూ అచ్చంగా సీఎస్ మీద నడిచినట్టు లెక్క. 620 ని 2.4 తో భాగిస్తే 258, అంటే కిలోమీటర్‌కి 4:18. అదే నా క్రిటికల్ స్పీడ్ పేస్. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏం లేదు.

మీటర్లు, సెకన్లలో ఫోన్ షీట్‌లో పెట్టుకోవాలంటే ఇలా, D1, T1 చిన్న ట్రయల్ దూరం, టైమ్, D2, T2 పెద్దదానివి:

```
CS = (D2 - D1) / (T2 - T1)
Dp = D1 - CS * T1
T  = (D - Dp) / CS
```

CS అంటే 2400 / 620, సెకనుకి 3.871 మీటర్లు. Dp అన్నది డీ-ప్రైమ్, 270 సెకన్లలో సీఎస్ తో పోతే 1045 మీటర్లే వచ్చేవి, నేను 1200 పోయా, కాబట్టి మిగతా 155 మీటర్లు చిల్లర. మూడో లైన్ ఏ దూరానికైనా టైమ్ చెప్తుంది, దాని సంగతి కాసేపట్లో. ఒక్క జాగ్రత్త, 4:30 ని 4.30 అని కొట్టి లెక్కేసేవాళ్లు కొల్లలు, నిమిషాలన్నీ సెకన్లు చేసుకున్నాకే షీట్‌లో పెట్టండి.

తప్పు జరిగిందని ఎలా తెలుస్తుంది

ఇది కాస్త నిదానంగా చదవండి, అందరూ బోల్తా పడేది ఇక్కడే. రెండు చుక్కలు పెడితే వాటి గుండా ఎప్పుడూ ఒక సరళరేఖ గీయొచ్చు, చుక్కలు తప్పయినా సరే. కాబట్టి ఈ టెస్ట్ తనంతట తాను "బాబూ నేను తప్పు" అని చెప్పదు, చక్కగా ఒక నంబర్ చేతిలో పెడుతుంది.

నా చెత్త 1200 తీసుకోండి, 278 సెకన్లు. 3600 అదే 890. తేడా 612, దాన్ని 2.4 తో భాగిస్తే 255, అంటే పేస్ 4:15. చూశారా, 1200 చెడగొట్టుకుంటే నా సీఎస్ బాగుపడింది. పరుగు చెడితే నంబర్ కూడా చెడాలి కదా అని మన బుద్ధి చెప్తుంది, ఇక్కడ ఉల్టా. చిన్న ట్రయల్ నెమ్మదిగా పోతే రెండు టైముల మధ్య తేడా తగ్గుతుంది, తేడా తగ్గితే సీఎస్ పెరిగినట్టు కనపడుతుంది. నేను ఆ 4:15 చూసి ఇంట్లో లడ్డూలు పంచినంత పని చేశా.

మరి ఆ ఎనిమిది సెకన్ల తప్పు ఎక్కడికి పోయింది? డీ-ప్రైమ్ లోకి. అదే లెక్కలో డీ-ప్రైమ్ 110 మీటర్లకి పడిపోయింది, సరైన టెస్ట్‌లో అది 155. పెద్ద ట్రయల్ చెడితే దీనికి తలకిందులు, 3600 కి 910 పట్టి ఉంటే సీఎస్ పేస్ 4:27 కి జారేది, డీ-ప్రైమ్ 187 కి ఎక్కేది. అంటే రెండు నంబర్లూ తక్కెడలో రెండు పళ్లేలు, ఒకటి లేస్తే ఇంకోటి దిగుతుంది. సీఎస్ తెగ బాగుండి డీ-ప్రైమ్ నూటికి దగ్గరో ఇంకా కిందో ఉంటే ముందు చిన్న ట్రయల్‌ని అనుమానించండి. డీ-ప్రైమ్ 300 దాటి సీఎస్ నీరసంగా ఉంటే పెద్దదాన్ని అనుమానించండి. పుట్టుకతోనే స్ప్రింటర్ రకం వాళ్లకి డీ-ప్రైమ్ నిజంగానే ఎక్కువ ఉంటుంది, నాలా బండి లాగే రకానికి తక్కువ, కాబట్టి ఇది తీర్పు కాదు, అనుమానానికి కారణం మాత్రమే.

ఖాయం చేసుకోవాలంటే ఒకటే దారి, మూడో చుక్క. ఒక వారం ఆగి 2400 పరిగెత్తండి, ఆరు రౌండ్లు. నా నంబర్లతో మూడో లైన్ 580 సెకన్లు చెప్పింది, 9:40. నేను పరిగెత్తింది 9:43. మూడు సెకన్ల తేడా అంటే గీత నిలబడ్డట్టే. పది సెకన్లు తేడా వస్తే ముగ్గురిలో ఎవరో అబద్ధం చెప్తున్నారు, చాలాసార్లు అది 1200 నే.

ఇప్పుడు రేసుల సంగతి

మూడో లైన్‌లో 5000 పెడితే నాకు 1252 సెకన్లు వచ్చింది, 20:52, కిలోమీటర్‌కి 4:10. ఇది నమ్మదగ్గదే, 5కే నాకు ఇరవై ఒక్క నిమిషాలు, టెస్ట్ చేసిన రేంజ్‌కి మరీ దూరం కాదు. అయినా కొంచెం ఆశపోతు నంబరే, 21 దాటకుండా వస్తే సంతోషించండి, 21:15 వస్తే బాధపడొద్దు.

10000 పెడితే 42:23 వస్తుంది, కిలోమీటర్‌కి 4:14. ఇక్కడ ఆగండి. 4:14 అంటే నా సీఎస్ 4:18 కన్నా వేగం. ఈ ఫార్ములా ఎంత దూరం ఇచ్చినా సీఎస్ కన్నా కొంచెం వేగమే చెప్తుంది, దానికి అంతకన్నా తెలియదు, హాఫ్ మారథాన్ పెట్టినా 4:16 అంటుంది, ఫుల్ పెట్టినా 4:17 అంటుంది. సీఎస్ ని ఎంతసేపైనా మోయొచ్చు అన్నది లెక్క కోసం పెట్టుకున్న మాట, నిజంలో మామూలు రన్నర్‌కి అది అరగంట, మహా అయితే ఇంకాస్త. కాబట్టి మూడో లైన్‌ని 5కే దాకా వాడండి, ఆపైన దాని మాట వినొద్దు.

నేను విన్నా. మొదటి టెస్ట్ నంబర్లు, 4:15, 110 మీటర్లు పెడితే 10కే కి 42:02 అంది, కిలోమీటర్‌కి 4:12. జనవరిలో రేసులో సరిగ్గా 4:12 పట్టుకుని పోయా. అయిదు దాకా బ్రహ్మాండం, పక్కన ఉన్నవాడికి "అన్నా ఈరోజు 42" అని కూడా చెప్పా, ఆరు దాటాక రెండొందల మూడొందల మీటర్లకి ఎవరో స్విచ్ ఆపేసినట్టయింది. మిగతాది 5:15 తో ఈడ్చుకుంటూ 45:50 చిల్లరలో పడ్డా.

తర్వాత సరైన నంబర్లు వచ్చాక ఇంట్లో కూర్చుని లెక్కేశా. 4:12 అంటే సెకనుకి 3.968 మీటర్లు. నా గీత 3.871. తేడా 0.097, అంటే నిమిషానికి దాదాపు ఆరు మీటర్ల చొప్పున జేబులోంచి పోతోంది. జేబులో ఉన్నది 155. 155 ని 0.097 తో భాగిస్తే 1600 సెకన్లు, ఇరవై ఆరున్నర నిమిషాలు, 4:12 పేస్‌లో అది 6.3 కిలోమీటర్లు. కాగితం మీద ఆ 6.3 చూసి కాసేపు అలాగే ఉండిపోయా, నేను ఆగిన చోటు అదే. ఇంత కచ్చితంగా ప్రతిసారీ కలవదు లెండి, కొంత అదృష్టం.

ఇక్కడ తప్పులు రెండు. టెస్ట్ తప్పు కిలోమీటర్‌కి మూడు సెకన్లే, అది ఒక్కటే అయితే బతికేవాణ్ణి. పెద్ద తప్పు 10కే ని ఆ ఫార్ములాలో పెట్టడం.

మరి 10కే కి ఏం పెట్టుకోవాలి? సీఎస్ లో శాతం తీసుకోండి. 10కే ని 40 నుంచి 45 నిమిషాల్లో పరిగెత్తేవాళ్లు సీఎస్ లో 97, 98 శాతం దగ్గర మొదలుపెడితే సేఫ్. శాతం స్పీడ్‌కి వేయాలి, పేస్‌కి కాదు, అంటే 258 సెకన్లని 0.98 తో భాగించాలి, గుణిస్తే వేగం పెరిగిపోతుంది. నాకు 97 కి 4:26, 98 కి 4:24 వచ్చింది. 10కే కి గంట పట్టేవాళ్లయితే ఇంకా కిందకి దిగాలి, గంటసేపు మోయాలి కాబట్టి 94, 95 తో మొదలుపెట్టి చూసుకోండి. హాఫ్ కి నేను 90 నుంచి 93 మధ్య పెట్టుకుంటా, నాకు అది 4:38 నుంచి 4:47.

ఫుల్ మారథాన్‌కి వచ్చేసరికి మనుషుల మధ్య తేడా బాగా పెరుగుతుంది. ప్రపంచ స్థాయి వాళ్లు సీఎస్ లో దాదాపు 96 శాతంతో మొత్తం లాగేస్తారు, మామూలు రన్నర్లు సగటున 85 దగ్గర ఉంటారు, నెమ్మదిగా పోయేవాళ్లు 80 కి కింద కూడా. 85 అంటే నాకు 5:04, మొత్తం 3 గంటల 34 నిమిషాలు. ఒకే సీఎస్ ఉన్న ఇద్దరిలో లాంగ్ రన్స్ చేసినవాడు ఒక చోట, చేయనివాడు ఇంకో చోట తేలతారు, పన్నెండు నిమిషాల టెస్ట్ ఆ సంగతి చెప్పలేదు. కాబట్టి మారథాన్‌కి ఈ నంబర్‌ని పైకప్పు లాగా వాడుకోండి, టార్గెట్ లాగా కాదు.

తర్వాతి 10కే లో నేను 4:24 తో మొదలుపెట్టా. గీతకి కింద ఉన్నా కాబట్టి జేబులో చిల్లర అలాగే ఉంది. మూడో కిలోమీటర్‌లో బోలెడుమంది దాటుకుని పోతుంటే చేతులు కట్టేసుకున్నట్టుంది, అయినా ఊరుకున్నా. చివరి కిలోమీటర్ 4:10 కి తీశా, లెక్క ప్రకారం దానికి 32 మీటర్లే ఖర్చు, ఇంకా చాలా ఉండాలి గానీ తొమ్మిది కిలోమీటర్ల అలసట మీద ఆ చిల్లర మొత్తం బయటికి రాదు. 43:46. మాస్టారికి చెప్తే, "ముందు రెండు కిలోమీటర్లు ఎంత?" అని అదే అడిగారు, టైమ్ అడగలేదు.

ఎండాకాలం, మళ్లీ టెస్ట్

ఆరు నుంచి ఎనిమిది వారాలకి ఒకసారి మళ్లీ చేసుకోండి, రెండు ట్రయల్సూ కొత్తగా చేయాలి, పాత 1200 కి కొత్త 3600 జోడించొద్దు. తేడా తీసే లెక్క కాబట్టి పాతా కొత్తా కలిపితే నా 4:15 లాంటి వింతలే వస్తాయి.

డిసెంబర్ నంబర్ పట్టుకుని ఏప్రిల్‌లో పేస్ పెట్టుకోకండి. నేను ఏప్రిల్ మొదటి వారంలో పొద్దున ఆరింటికి 3600 ఒక్కటీ పరిగెత్తి చూశా, 15:25 వచ్చింది, 35 సెకన్లు ఎక్కువ, ఆ మధ్యలో ట్రైనింగ్ ఒక్క వారం కూడా మానలేదు. చర్మానికి రక్తం పంపి చల్లబరచడానికి గుండె కొంత పని అటే చేస్తుంటే కాళ్లకి తగ్గుతుంది మరి. అందుకే నోట్‌బుక్‌లో 4:18 కొట్టేయకుండా దాని పక్కన "చలికాలం" అని రాసి, కింద లైన్ ఖాళీగా పెట్టా, ఎండాకాలం 1200 ఇంకా బాకీ ఉంది.